చాట్ క్లియర్ చేశాక చెత్తబుట్టలో 14 ఫొటోలే ఉన్నాయి, మిగతా 9 ఎలా తెచ్చుకోవాలి?

పొందూరు అమ్మాయి (ఫిబ్రవరి 10, 2025)

అందరికీ నమస్కారం. మా అమ్మ పోయి ఆరు నెలలయింది. పోయిన జూన్‌లో అక్క వచ్చినప్పుడు, అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుండగా 23 ఫొటోలు తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. కనుమ రోజున ఫోనులో మెమొరీ నిండిందని చూపిస్తే, ఒకేలా ఉన్నాయనుకున్న కొన్నింటిని గ్యాలరీలోంచి తీసేశాను. అయినా చోటు చాలలేదు. చాట్ నా దగ్గర లేకపోయినా ఫొటోలు ఉంటాయిలే అనుకుని అక్క చాట్ మొత్తం క్లియర్ చేశాను. అప్పుడు మీడియాను కూడా తొలగించాలా అని అడిగే గడిలో టిక్ ఉన్నట్టుంది, నేను గమనించలేదు. ఇప్పుడు గ్యాలరీలో ఇటీవల తొలగించినవి అనే ఆల్బమ్ తెరిస్తే 14 కనిపిస్తున్నాయి. అమ్మ కెమెరా వైపు చూసి నవ్విన ఫొటో అందులో లేదు. మిగతావి కూడా అక్కడికే రావాలి కదా? ఆండ్రాయిడ్ 13 ఫోను.

రాజాం కుర్రాడు

వస్తాయి అక్కా, కంగారు పడకండి. తీసేసిన ఫొటోలు 60 రోజులు ఉంటాయి, ఇంకా సగం సమయం ఉంది. ఆ ఆల్బమ్‌లో కిందికి జరుపుతూ చూడండి. లేకపోతే చాట్‌లో మసకగా కనిపించే ఫొటో మీద నొక్కితే మళ్లీ డౌన్‌లోడ్ అవుతుంది.

విజయనగరం సెల్ షాపు

అమ్మా, ముందుగా ఒక్క పని చేయండి. ఆ 14 ఫొటోలనూ ఎంచుకుని ఇప్పుడే రిస్టోర్ నొక్కండి. మిగతా మాటలు ఆ తరువాత.

రాజాం బాబూ, 60 రోజులనేది గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోల సంగతి. బ్యాకప్ కానివి 30 రోజులే ఉంటాయి. కనుమ జనవరి 15న వచ్చింది. ఆ లెక్కన ఈమె ఫొటోలు ఫిబ్రవరి 14న పోతాయి, అంటే నాలుగు రోజుల గడువే ఉంది. ఇక చాట్ క్లియర్ చేశాక మసక ఫొటో ఎక్కడుంటుంది? నొక్కడానికి ఆ సందేశమే మిగలదు.

పొందూరు అమ్మాయి

రిస్టోర్ నొక్కాను. ఆల్బమ్ ఖాళీ అయింది, కానీ గ్యాలరీ మొదటి వరసలో ఏమీ కనిపించడం లేదు! గుండె ఆగినంత పనైంది.

విజయనగరం సెల్ షాపు

పోలేదమ్మా. అవి పాత తేదీ దగ్గరికే వెళ్లి కూర్చుంటాయి. ఆల్బమ్‌లలో వాట్సాప్ ఇమేజెస్ తెరిచి జూన్ దాకా వెళ్లండి.

పొందూరు అమ్మాయి

ఉన్నాయి, 14 ఉన్నాయి. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

పలాస

నాదీ ఇదే బాధ. మా బావమరిది ఒక ఫొటో పంపి, నేను చూసేలోపే అందరికీ తొలగించాడు. అదీ ఈ ఆల్బమ్‌లో దొరుకుతుందా?

విజయనగరం సెల్ షాపు

అది వేరే సంగతండి. పంపినవాళ్లు అందరికీ తొలగిస్తే మీ గ్యాలరీ చెత్తబుట్టకు ఏమీ రాదు. ఆయన్నే మళ్లీ పంపమనండి.

పొందూరు అమ్మకు 9 ఎందుకు లేవో చెబుతాను. గ్యాలరీలో ఫొటో తీసేస్తే ఫోను దాన్ని నిజంగా చెరపదు. పేరు మార్చి, దాచి, అదే ఫోల్డరులో ఉంచుతుంది. ఫైల్స్ యాప్‌లో దాచిన ఫైళ్లను చూపమంటే ఇలాంటి పేరు కనబడుతుంది:

```
.trashed-1739514600-IMG-20240608-WA0031.jpg
```

మధ్యలో ఉన్న పొడవైన అంకె గడువు తీరే క్షణం. దాన్ని తేదీగా మారిస్తే 2025 ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 12 గంటలు. కొన్ని కంపెనీల ఫోన్లు తమ సొంత చెత్తబుట్టను వేరే చోట పెట్టుకుంటాయి, వాటిలో ఈ పేరు కనిపించదు.

వాట్సాప్ పద్ధతి వేరు. చాట్ క్లియర్ చేస్తూ మీడియాకు కూడా టిక్ పెడితే, అది తన ఫోల్డరులోని ఫైలును నేరుగా చెరిపేస్తుంది. గ్యాలరీని అడగదు, చెత్తబుట్టలో వేయదు. మీరు ముందుగా గ్యాలరీలో తీసేసిన 14 ఫొటోల పేర్లు అప్పటికే మారిపోయాయి కాబట్టి వాట్సాప్‌కు అవి దొరకలేదు. పనికిరావని మీరు తీసేసినవే బతికాయి, ఉంచుకున్నవి పోయాయి.

రాజాం కుర్రాడు

అయితే నాది తప్పే. నేను ఎప్పుడూ గ్యాలరీలోంచే తీసేస్తాను, అందుకే అన్నీ అక్కడికే వస్తాయనుకున్నాను. పోయిన ఫొటోలు తెచ్చే యాప్‌లు ఉన్నాయి కదా, వాటితో వస్తాయా?

విజయనగరం సెల్ షాపు

వాటికి డబ్బు కట్టకండి. ఈ కాలపు ఫోన్లలో ఫైళ్లన్నీ తాళం వేసి ఉంటాయి. చెరిపిన ఫైలు తాళం పోయాక మిగిలింది అర్థం లేని అంకెలే. ఆ యాప్‌లు చూపించేవి చాలావరకు గ్యాలరీ దాచుకున్న చిన్న బొమ్మలు. పెద్దవి చేస్తే ముఖం కూడా ఆనవాలు పట్టలేం. నా దగ్గరికి అలాంటివి పట్టుకుని ఎందరో వచ్చారు.

ఆమదాలవలస టీచరు

నాది ఐఫోను. నేను చాట్‌లు ఎన్నిసార్లు క్లియర్ చేసినా ఫొటోలు పోలేదే?

విజయనగరం సెల్ షాపు

మీ ఫోనులో ఫొటోస్‌లోకి సేవ్ అయ్యేది విడి ప్రతి, మేడమ్. చాట్ పోయినా అది ఉంటుంది. ఈమె ఫోనులో గ్యాలరీ చూపించేదీ, వాట్సాప్ దగ్గర ఉన్నదీ ఒకే ఫైలు.

అమ్మా, ఇక రెండు దారులున్నాయి. ఒకటి మీ అక్క. ఆమె కెమెరాతో తీశారు కాబట్టి అసలు ఫొటోలు ఆ ఫోను డీసీఐఎమ్ ఫోల్డరులో ఉండాలి, అవి మీకు వచ్చినవాటి కంటే స్పష్టంగా కూడా ఉంటాయి. అవి లేకపోతే, ఆమె పంపినప్పటి ప్రతులు ఇక్కడ చూడమనండి:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Images/Sent
```

రెండోది మీ చాట్ బ్యాకప్. చివరిసారి ఎప్పుడు అయింది?

పొందూరు అమ్మాయి

డిసెంబరు 20 అని ఉంది. డ్రైవ్‌లో 15 జీబీ నిండిపోయి ఆ తరువాత అవలేదు.

విజయనగరం సెల్ షాపు

అవకపోవడమే మంచిదైంది. వెంటనే ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేయండి. డ్రైవ్‌లో చోటు ఏర్పడి కొత్త బ్యాకప్ పడితే డిసెంబరుది ఉండదు. కానీ దాన్ని తెరిచి ఫొటోలు ఏరుకోవడం కుదరదు. వాట్సాప్ తీసేసి మళ్లీ పెట్టుకోవాలి, అప్పుడు డిసెంబరు 20 తరువాతి సందేశాలు పోతాయి. పైగా యాప్ తీసేస్తే ఆ ఫోల్డరు కూడా పోవచ్చు. అందుకని ఇప్పుడు వచ్చిన 14 ఫొటోలనూ వేరే ఫోల్డరులోకి, వీలైతే కంప్యూటర్‌లోకి కాపీ చేసేదాకా ఆ దారి జోలికి వెళ్లకండి.

పొందూరు అమ్మాయి (ఫిబ్రవరి 13)

మా మేనల్లుడు విశాఖపట్నంలో అక్క పాత ఫోను వెతికాడు. తెర పగిలింది కానీ ఛార్జింగు ఎక్కింది. కెమెరా ఫొటోలు అక్క ఎప్పుడో తీసేసిందట. మీరు చెప్పిన సెంట్ ఫోల్డరులో 7 దొరికాయి. అందులో అమ్మ నవ్వినది ఉంది. ఆమె వేళ్ల సందున పత్తి పీచు, మోకాలి మీద ఆ చేప దవడ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇంకా రెండు రావాలి. వాటి కోసం బ్యాకప్ వెనక్కి తెచ్చుకుంటే అమ్మ పెట్టిన వాయిస్ మెసేజ్‌లకు ఏమైనా అవుతుందా?

విజయనగరం సెల్ షాపు

అవి వేరే చాట్‌లో ఉన్నాయా, క్లియర్ చేసిన చాట్‌లోనా? ముందు అది చూసి చెప్పండి. అంతవరకు వాట్సాప్‌ను తీయకండి.