రద్దు క్లాజును తేలిక తెలుగులో రాశాను, అర్థం మారిందా?

మిర్యాలగూడ లారీ: మిల్లుకు లోడ్లు తోలే ఒప్పందంలో ఇలా ఉంది: "బిల్లు అందిన 30 దినములలోగా కిరాయి చెల్లింపబడని యెడల రవాణాదారు లిఖితపూర్వక నోటీసు ఇవ్వవచ్చును, అట్టి నోటీసు అందిన 15 దినములలోగా సదరు బకాయి చెల్లింపబడని పక్షమున ఒప్పందమును రద్దు చేయు హక్కు రవాణాదారుకు కలదు, అట్టి రద్దు అంతకు మునుపు సంక్రమించిన హక్కులకు భంగకరము కాదు." నేను దీన్ని "30 రోజుల్లో పైసలు ఇవ్వకపోతే 15 రోజుల నోటీసుతో ఒప్పందం రద్దవుతుంది" అని మార్చాను. సేటు సరే అన్నాడు. సంతకం పెట్టొచ్చా?

నల్లగొండ లేఖరి: వద్దు తమ్ముడూ. "సదరు", "యెడల" లేని కాగితానికి కోర్టులో బలం ఉండదు. పాతదే ఉంచు.

పాలమూరు వకీలు: సంతకం వద్దన్నది కరెక్టే, కారణమే తప్పు. "సదరు" ఉండాలని ఏ చట్టమూ చెప్పదు. చిక్కంతా "రద్దవుతుంది" దగ్గర ఉంది. పాత క్లాజులో రద్దు చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. మీరు రాసినదాంట్లో అది దానంతటదే జరిగిపోతుంది. సీజన్ మధ్యలో మీకు పని కావాలి, పైసలు ఆలస్యమైనా ఓర్చుకుందామనుకున్నారు. అప్పుడు బాకీ పడ్డ సేటే "ఒప్పందం ఎప్పుడో అయిపోయింది" అని వాదించే సందు దొరుకుతుంది.

ఇంకోటి, తేదీలు వేసి చూడండి. బిల్లు జూన్ 1న అందింది, ఆ రోజు వదిలేస్తే గడువు జూలై 1. నోటీసు జూలై 6న అందింది, అంటే జూలై 21 దాకా టైముంది. సేటు 16న మొత్తం కట్టేశాడు. పాత క్లాజు ప్రకారం ఆ బకాయి మీద ఇక రద్దు చేయలేరు. మీ వాక్యం ప్రకారం కట్టినా రద్దే. ఇది సేటుకు నష్టం, పాపం ఆయన చూసుకోలేదు.

ఇలా రాయండి: "బిల్లు అందిన 30 రోజుల్లోగా కిరాయి చెల్లించకపోతే లారీ యజమాని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అందిన 15 రోజుల్లోగా కూడా ఆ బకాయి చెల్లించకపోతే, లారీ యజమాని ఒప్పందాన్ని రద్దు చేయవచ్చు. రద్దు చేసినా, అప్పటికే తోలిన లోడ్ల కిరాయి ఇవ్వాల్సిందే."

నల్లగొండ లేఖరి: వకీలు గారూ, చివరి వాక్యంలో మీరే జారారు. పాతదాంట్లో "హక్కులు" అని ఉంది, ఎవరివని లేదు. మీరు కిరాయి ఒక్కటే రాశారు. దారిలో తడిసిన బస్తాల నష్టం సేటు అడగాలంటే?

పాలమూరు వకీలు: నిజమే, ఒప్పుకుంటున్నా. "రద్దు చేసినా, అంతకు ముందే ఇద్దరిలో ఎవరికి ఏ హక్కు వచ్చినా అది పోదు" అని మార్చండి.

దేవరకొండ కిరాణం: నా షాపు ఓనర్ ఖాళీ చేయమని వాట్సాప్‌లో నోటీసు పెట్టాడు. అది చెల్లుతుందా సార్?

పాలమూరు వకీలు: మీది అద్దె వ్యవహారం, దాని రూల్స్ వేరు. ఈ లారీ క్లాజు వరకైతే, 2000 నాటి ఐటీ చట్టం వల్ల ఫోన్‌లో పంపింది కూడా రాతకిందకే రావచ్చు. కానీ "ఎప్పుడు అందింది" అన్న దగ్గర గొడవ పడతారు.

నల్లగొండ లేఖరి: అందుకే స్పీడ్ పోస్టు అని రాసేస్తే పోతుంది.

పాలమూరు వకీలు: పాత క్లాజులో ఆ మాట లేదు కదా. అది కొత్త షరతు అవుతుంది. తేలిక చేస్తున్నామని చెప్పి దాన్ని లోపలికి తేకూడదు, సేటును విడిగా అడగాలి.

మిర్యాలగూడ లారీ: రేపు అడుగుతా సార్. పాత క్లాజు కూడా కింద ఉంచమంటారా?

నల్లగొండ లేఖరి: ఉంచు.

పాలమూరు వకీలు: వద్దు. రెండూ ఉంటే ఏది చెల్లుతుందని మళ్లీ కొట్లాట.