ఫొటో తీసిన సైన్స్ పేజీలు తెలుగులోకి: ఫార్ములాలు చెదరకుండా ఎలా?

ట్యూషన్_పంతులు

ఇంటర్ ఫిజిక్స్ ఇంగ్లీషు పుస్తకంలో కరెంటు పాఠం ఫోన్‌తో ఫొటోలు తీసి, టెక్స్ట్‌గా మార్చి, తెలుగు చేసి, మా తెలుగు మీడియం పిల్లలకు నోట్సుగా ఇవ్వాలని. వాక్యాలు బాగానే వస్తున్నాయి. గుర్తులే నాశనం. పుస్తకంలో R = ρl/A అని ఉంటే నాకు వచ్చింది R = p1/A. ఇంకోచోట "I is 2 A" అన్నది "నేను 2 ఒక" అయింది. పిల్లలు చూస్తే నవ్విపోతారు. గుర్తులు ఉన్నవి ఉన్నట్టు నిలబడే దారి ఏదైనా ఉందా?

పిక్సెల్_బాబు

ఫోన్ మార్చండి సార్. ఎక్కువ మెగాపిక్సెల్ ఉంటే ఈ గోలే ఉండదు. నేను మొన్న కొన్న ఫోన్‌లో అక్షరం అక్షరం స్పష్టంగా వస్తోంది.

గుంటూరు_డీటీపీ

సగం నిజమే బాబూ. ఫొటో మసకగా ఉంటే ఏదీ రాదు. కానీ ఎంత స్పష్టమైన ఫొటో అయినా ఇంగ్లీషు అక్షరాల మీద మాత్రమే శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్‌కు ρ కనిపిస్తే, దానికి తెలిసిన అక్షరాల్లో దగ్గరది p. Ω కనిపిస్తే Q. అక్కడ మెగాపిక్సెల్ ఏం చేస్తుంది?

పంతులుగారూ, మీ దగ్గర రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ρ కాస్తా p అవడం ఫొటోను చదివేటప్పుడు వచ్చింది. I కాస్తా "నేను" అవడం అనువాదంలో వచ్చింది. రెంటికీ ఒకే మందు పనిచేయదు.

ముందు మొదటిది. పేజీ ఒరిజినల్ ఫొటోనా, ఎవరైనా పంపిందా?

ట్యూషన్_పంతులు

వాట్సాప్‌లో ఒక స్టూడెంట్ పంపాడు.

గుంటూరు_డీటీపీ

అదే అనుకున్నా. మామూలు ఫొటోగా పంపితే అది సైజు తగ్గించేస్తుంది. పెద్ద అక్షరాలు తట్టుకుంటాయి, కింద పైన ఉండే చిన్న అంకెలు, మైనస్ గీతలు కరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. పుస్తకం మడత దగ్గర పేజీ వంగి ఉంటే అక్కడి భిన్నం గీత కూడా వంకర తిరుగుతుంది, ఏది పైన ఏది కింద అన్నది సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పేజీని అద్దంతో నొక్కి, నేరుగా పైనుంచి తీయండి.

కంప్యూటర్‌లో అయితే, ఫొటోలోని అక్షరాల్ని చదివే టెసెరాక్ట్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఈ కమాండ్ సరిపోతుంది:

```
tesseract page.jpg out -l eng --psm 6
```

ఇది వాక్యాలకు మాత్రమే. ఫార్ములాలు దీనికి వదలొద్దు, ప్రతిదాన్నీ పేజీ చూస్తూ చేత్తో టైపు చేసుకోండి. ఒక పేజీలో పదో పదిహేనో ఉంటాయి, పెద్ద పనేం కాదు.

అమ్మ_టీచర్

మాకూ ఇదే టెన్షన్ అండీ. మా బడిలో పీడీఎఫ్ సైజు ఎక్కువై మెయిల్‌లో వెళ్ళడం లేదు. ఎలా తగ్గించాలి?

గుంటూరు_డీటీపీ

మేడమ్, అది వేరే సమస్య. ఇంకో చర్చ మొదలుపెట్టండి, చెప్తాను.

బొగ్గు_రసాయనం

రెండో జబ్బుకు నేను చేసేది ఇది. అనువాదానికి పంపే ముందు ప్రతి గుర్తునూ తీసేసి దాని చోట ఒక నంబరు పెడతాను. "If A is doubled, R becomes half" అన్న వాక్యం ఇలా అవుతుంది:

```
If [[01]] is doubled, [[02]] becomes half.
[[01]] రెట్టింపైతే [[02]] సగమవుతుంది.
```

అంతా అయ్యాక [[01]] చోట A, [[02]] చోట R పెట్టేస్తే సరి. గుర్తులు పక్కనే ఒక జాబితాలో ఉంటాయి. కెమిస్ట్రీలో ఇది తప్పనిసరి. He అంటే హీలియం కదా, యాప్‌కు అది "అతను". As అంటే ఆర్సెనిక్, దానికేమో "వలె". సోడియం క్లోరైడ్ solution "పరిష్కారం" అయిందని మా పిల్లలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు, అది "ద్రావణం" కావాలి. పదాలకు కూడా ఇలాగే నంబర్లు పెట్టొచ్చు.

పిక్సెల్_బాబు

అంత అవసరమా? ఫైండ్ రీప్లేస్‌తో p అన్నచోటల్లా ρ పెట్టేస్తే పోలా?

బొగ్గు_రసాయనం

అదే పాఠంలో సామర్థ్యానికి P ఉంటుంది. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడకుండా మార్చేస్తే P = VI కాస్తా ρ = VI అవుతుంది. తేడా చూసినా potential లాంటి మాటల్లో p కూడా మారిపోతుంది. పేజీ చూడకుండా మార్చకూడదు.

గుంటూరు_డీటీపీ

నంబర్ల పద్ధతి నేనూ వాడతాను. ఒక్క జాగ్రత్త: తిరిగి వచ్చాక లెక్క చూడాలి. పంపినవన్నీ ఒక్కోటి ఒక్కసారే వచ్చాయా? కొన్నిసార్లు యాప్ [[01]]ని [ [01] ] అని ఖాళీలు పెట్టి ఇస్తుంది, లేదా రెండు నంబర్లలో ఒకటి మింగేస్తుంది. వరుస మారడం మాత్రం తప్పు కాదు, తెలుగు వాక్యంలో అది మామూలే.

ఇంకో చిన్న చిక్కు. Ω గుర్తుకు యూనికోడ్‌లో రెండు కోడ్‌లున్నాయి, ఓమ్ గుర్తుగా ఒకటి (U+2126), గ్రీకు ఒమేగాగా ఒకటి (U+03A9). మైక్రోకు వాడే µ కూడా అంతే. కంటికి ఒకటే, వెతికితే దొరకవు. నేనైతే గ్రీకు అక్షరాన్నే అన్నిచోట్లా పెడతాను. అలాగే పాత నాన్-యూనికోడ్ తెలుగు ఫాంట్‌లో ఫైల్ తెరిస్తే R, A లాంటి ఇంగ్లీషు అక్షరాలు ఉన్నచోట ఏదో తెలుగు ముక్క కనిపిస్తుంది. ప్రింటుకు ఇచ్చేముందు అడగండి.

ట్యూషన్_పంతులు

నంబర్లు పెట్టి చూశాను, "నేను" పోయింది. కానీ ఒక లెక్క దగ్గర అనుమానం. రాగి తీగ, పొడవు 2 m, అడ్డుకోత 1 mm². జవాబు 336 అని వచ్చింది. సరేనా?

బొగ్గు_రసాయనం

ఆ 336 చూసి సరే అనుకునేవాళ్ళే ఎక్కువ. ఫొటో నుంచి వచ్చిన అంకెలు పెట్టండి.

ట్యూషన్_పంతులు

ρ = 1.68 × 108, A = 1 × 106.

బొగ్గు_రసాయనం

చూశారా, ఘాతాలు కిందికి దిగాయి, మైనస్‌లు రెండూ పోయాయి. మీరు వాటిని 10⁸, 10⁶ అనుకుని ఉంటారు. అసలైనది ఇది:

R = ρl/A = (1.68 × 10⁻⁸ × 2) / 10⁻⁶ = 0.0336 Ω

మైనస్‌లు లేకుండా చేస్తే 3.36 × 10⁸ / 10⁶ = 336. అంకెలు అవే, దశాంశ బిందువు మాత్రం నాలుగు స్థానాలు జరిగింది. రెండు మైనస్‌లూ కలిసి పోయాయి కాబట్టి జవాబు మరీ వింతగా కనిపించలేదు. కానీ రెండు మీటర్ల రాగి తీగకు 336 ఓమ్‌లు ఎక్కడైనా ఉంటాయా? పేజీలో లెక్క ఉంటే అది మళ్ళీ చేసి, పుస్తకంలోని జవాబుతో పోల్చండి. ఘాతాల్లో తప్పులు చాలావరకు అక్కడే దొరుకుతాయి. వాక్యంలో ఉండి లెక్కలోకి రాని గుర్తు తప్పితే మాత్రం ఈ పరీక్ష పట్టుకోదు.

చూపు_తక్కువ

ఒక మాట. కొంతమంది ఫార్ములాను కత్తిరించి బొమ్మగా అతికిస్తారు, తప్పు రాదని. నేను స్క్రీన్ రీడర్‌తో చదువుతాను. అది "బొమ్మ" అని చెప్పి ముందుకెళ్ళిపోతుంది. నాకు ఆ పేజీలో ఫార్ములా లేనట్టే. దయచేసి టైపు చేయండి, లేదా బొమ్మకు వివరణ రాయండి: "R సమానం రో ఎల్ బై ఏ" అని.

ట్యూషన్_పంతులు

ఇది నాకు తట్టలేదండీ. టైపే చేస్తాను. ఇంతకీ resistivity ఏం చేయాలి? ఒక పుస్తకంలో విశిష్ట నిరోధం, ఇంకోదాంట్లో నిరోధకత. ఈఏపీసెట్ రాసేవాళ్ళు రెసిస్టివిటీ అనే అంటారు.

బొగ్గు_రసాయనం

పిల్లల చేతిలో ఏ పుస్తకముందో ఆ మాటే. రెండూ కలిపి రాస్తే రెండు వేర్వేరు రాశులు అనుకుంటారు.

గుంటూరు_డీటీపీ

నేను ఒప్పుకోను. మొదటిసారి వచ్చినచోట ఇంగ్లీషు మాట కూడా తెలుగు లిపిలో ఇవ్వాలి. రేపు కాలేజీలో లెక్చరర్ అనేది అదే.

బొగ్గు_రసాయనం

అలా మొదలుపెడితే పేజీలో ప్రతి మాటకూ ఇవ్వాల్సి వస్తుంది సార్. ఎక్కడ ఆపుతారు?