ధర పదేళ్లలో రెట్టింపైతే ఏటా 10 శాతం కాదని ఎలా చెప్పాలి?

పెద్దవాళ్ల తరగతిలో ద్రవ్యోల్బణం చెబుతున్నాను. పదేళ్ల కిందట 100 పడిన సరుకుల సంచి, అవే సరుకులు, అదే తూకం, ఇప్పుడు 200 అనుకోమన్నాను. ఏటా ఎంత శాతం పెరిగినట్టు అంటే, అందరూ పెరిగిన 100ని పదితో భాగించి 10 అన్నారు.

కానీ ప్రతి పెరుగుదలా ముందటేడాది ధర మీద పడుతుంది కదా. 10 శాతమైతే 110, 121, 133.10 అంటూ పదో ఏటికి 259 దాటిపోతుంది. అసలు జవాబు సుమారు 7.2. వడ్డీ మీద వడ్డీ లాంటిదే అన్నాను. తలలూపారు, తర్వాతి లెక్కలో మళ్లీ భాగహారమే!

72ని ఏళ్లతో భాగించే చిట్కా రెట్టింపుకే పనికొస్తుంది. మరి 100 కాస్తా 150 అయితే? క్యాలిక్యులేటర్‌తో 4 శాతం, 5 శాతం వేసి చూస్తూ దగ్గరికి రమ్మనడం మేలా? ఇలా నేర్పినవాళ్లు చెప్పగలరా?