ఆస్తి పన్ను పాత బకాయిల్లో మొండివాటిని ఎలా వేరు చేయాలి?

గ్రాంట్లు షరతులతో వస్తాయి, నీటి చార్జీలు నిర్వహణకే చాలవు. పురపాలక సంఘం సొంతంగా ఖర్చు పెట్టుకోగలిగేది ప్రధానంగా ఆస్తి పన్నే. ఈ ఏటి డిమాండ్ 100, పాత బకాయి 60, మొత్తం వసూలు 80 అనుకుందాం. నివేదికలో 80 శాతం అని రాసేస్తారు. అందులో 25 పాత బకాయిదైతే ఈ ఏటి వసూలు 55 శాతమే!

మిగిలిన పాత 35లో రెండుసార్లు నమోదైన ఇళ్లు, కూల్చేసిన కట్టడాలు, కోర్టు స్టేలు కలిసిపోయి ఉంటాయి. బిల్ కలెక్టర్లు వాటి చుట్టూ తిరుగుతుంటే కట్టగలిగినవాళ్లు తప్పించుకుంటారు.

రెండుసార్లు పడ్డవాటిని పట్టుకోవడానికి కరెంటు మీటర్ల జాబితాతో సరిపోల్చితే చాలా? అద్దె వాటాలకు విడి మీటర్లుంటే లెక్క తప్పుతుంది కదా. స్టే ఉన్నవాటిని డిమాండ్‌లోనే ఉంచాలా, విడి పద్దులో చూపాలా? చేసినవాళ్లు చెప్పగలరు.