ముఖ ధ్రువీకరణ కుదరనప్పుడు: ఆధార్‌ ఫొటో మార్పించాలా, సెల్ఫీ మళ్లీ తీయాలా?

బిట్రగుంట అమ్మాయి: మా నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, వయసు 74. పెన్షనర్లు బతికే ఉన్నట్టు ఏటా ఇచ్చే జీవన్‌ ప్రమాణ్‌ పత్రం కోసం ఫోన్‌లో ముఖం చూపించడానికి నాలుగుసార్లు ప్రయత్నించాం, కుదరలేదు. ఆధార్‌లో ఫొటో 2012 నాటిది. ఫొటో మార్పించమని తమ్ముడు అంటున్నాడు, నాకేమో వెలుతురే కారణమనిపిస్తోంది. ముందు ఏది చేయాలి?

ఒంగోలు మాస్టారు: మీ తమ్ముడు చెప్పిందే సరైనదని నా అభిప్రాయం. పన్నెండేళ్లు దాటిన ఫొటోతో వృద్ధుల ముఖాన్ని పోల్చమంటే ఏ యంత్రమైనా తడబడుతుంది. పైగా ఆధార్‌ ఫొటోలో కళ్లజోడు ఉంటే ఇప్పుడూ కళ్లజోడుతోనే చూపించాలి, లేకుంటే తీసివేయాలి. అప్పుడెలా ఉన్నామో ఇప్పుడూ అలాగే కనిపించాలన్నదే ఇందులోని సూత్రం.

కావలి సేవాకేంద్రం: మాస్టారుగారూ, మీ మాటలో సగం నిజముంది, కానీ ఫొటో మార్పించడం మొదటి మెట్టు కాదు. ప్రతి నవంబరులోనూ పెన్షనర్లకు ఈ పని చేసిపెడుతున్నాను కనుక చూసింది చెబుతాను. అమ్మా, ముందుగా ఒక విషయం గమనించండి. తెర మీది వలయంలో ముఖం ఉంచాక ఫొటో అసలు తీయబడిందా, లేక తీయకుండానే ఆగిపోయిందా? వెలుతురు చాలడం లేదని, ముఖం సరిగా కనిపించడం లేదని, కళ్లు ఆర్పమని మళ్లీ మళ్లీ అడుగుతూ ఉంటే లోపం మీ గదిలోనో కళ్లజోడులోనో ఉంది, ఆధార్‌ ఫొటోకు దానితో సంబంధం లేదు. ఎందుకంటే అప్పటికి పోలిక ఇంకా మొదలే కాలేదు. ఫొటో తీయబడి, కాసేపు తిరిగి, సరిపోలలేదని జవాబు వస్తేనే పాత ఫొటోను అనుమానించాలి. కొన్ని చోట్ల ఆ జవాబుతోపాటు 300 అన్న సంఖ్య కనిపిస్తుంది. అదే 330 అని వస్తే, ఎవరో జాగ్రత్త కోసం ఆధార్‌ బయోమెట్రిక్‌ను లాక్‌ చేసి ఉంచారని అర్థం. ముందు దాన్ని తెరవాలి, అంతవరకూ ఎన్ని సెల్ఫీలు తీసినా ఫలితం ఉండదు.

కందుకూరు రైతు: ఇంత తిప్పలెందుకండీ? నాకు బ్యాంకులో కేవైసీ అడిగితే స్టూడియోలో మంచి పాస్‌పోర్టు ఫొటో తీయించి ఇచ్చాను, అయిపోయింది. ఆ ఫొటోనే ఆధార్‌ వెబ్‌సైటులో పెట్టేస్తే సరిపోతుంది కదా.

కావలి సేవాకేంద్రం: అది వేరే సంగతి అన్నా. ఆధార్‌లో ఫొటోను ఇంటి నుంచి పెట్టడానికి వీలు లేదు, మనిషి నమోదు కేంద్రానికి వెళ్లి కుర్చీలో కూర్చుంటేనే అక్కడి కెమెరాతో తీస్తారు. మారిన ఫొటో వ్యవస్థలోకి చేరడానికి కూడా కొన్ని రోజులు పడుతుంది. నవంబరు నెల చివరికి వచ్చాక ఆ దారి పట్టిన పెద్దలు గడువు దాటిపోతుందేమోనని కంగారు పడటం చూశాను. అందుకే, ముందు సెల్ఫీని సరిగా తీసి చూడమంటున్నాను.

బిట్రగుంట అమ్మాయి: మాకు ఫొటో తీయబడటం లేదు, కళ్లు ఆర్పమని అడుగుతూనే ఉంటుంది. నాన్నగారు రాత్రి భోజనం తర్వాత హాల్లో ట్యూబులైటు కింద కూర్చున్నారు. కళ్లజోడు తీసేస్తే ఆయనకు తెర కనపడదు కనుక పెట్టుకునే చూపిస్తున్నారు.

కావలి సేవాకేంద్రం: అయితే కారణం దాదాపుగా దొరికినట్టే. ట్యూబులైటు తల పైన ఉన్నప్పుడు కనుబొమల నీడ కళ్ల మీద పడుతుంది, దాని తెల్లని గీత కళ్లజోడు అద్దంలో మెరుస్తుంది. ఆ మెరుపు కనుపాపను కప్పేస్తే, ఆయన కళ్లు ఆర్పినా కెమెరాకు తెలియదు. సాయంత్రం వరండాలో బయటి ఎండను వెనుక పెట్టుకుని కూర్చోవడం ఇంకో పొరపాటు, అప్పుడు కెమెరా వెనుక ఉన్న వెలుగుకే తనను సర్దుకుని ముఖాన్ని నల్లగా చూపిస్తుంది.

పోయిన నవంబరులో మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయనకు ఎలా చేశామో చెబుతాను. ఉదయం తొమ్మిది గంటలకు తలుపు తెరిచి, గడపకు రెండు అడుగుల లోపల కుర్చీ వేసి, ముఖం వాకిలి వైపు ఉండేలా కూర్చోబెట్టాం, సూటిగా ఎండ పడకుండా చూశాం. వెనుక ఖాళీ సున్నపు గోడ వచ్చింది. ఫోన్‌ కెమెరా మీద వేళ్ల జిడ్డు ఉంటే మెత్తని గుడ్డతో తుడిచాం. ఆయన కళ్లజోడు తీయించి, ఫోన్‌ను ఆయన మనవరాలు పట్టుకుంది, ఆయన కళ్ల ఎత్తులో, చేయి చాచినంత దూరంలో. ముక్కుకు మరీ దగ్గరగా పట్టుకుంటే ముఖం ఉబ్బి ఆకారమే మారిపోతుంది, ఒళ్లో పెట్టుకుంటే గడ్డం కింది నుంచి కనిపిస్తుంది. ఆయన తెర చూడనవసరం లేదు, కెమెరా ఉన్న చోట వేలు చూపించి, తాతా ఇప్పుడు రెప్పలు మెల్లగా మూసి తెరువు అని ఆ అమ్మాయే చెప్పింది. చప్పున ఆర్పితే అందదు. రెండో ప్రయత్నంలో ఫొటో తీసుకుంది.

అయితే ఆయనకు సరిపోలలేదని వచ్చింది. అప్పుడే ఆధార్‌ కార్డు తీసి చూశాం. అందులో నిండు బుగ్గలు, గుబురు మీసం. ఇప్పుడు పళ్లన్నీ పోయి బుగ్గలు లోపలికి పోయాయి. మరో రెండుసార్లు ప్రయత్నించి ఆపేశాం, మంచి వెలుతురులో అదే జవాబు వస్తుంటే పదోసారికి మారదు. కనుపాప యంత్రంతో ఆ పూటే పని పూర్తయింది. ఫొటో మార్పిడికి ఆ తర్వాత తీరిగ్గా వెళ్లారు.

ఒంగోలు మాస్టారు: కళ్లజోడు విషయంలో నేను ఒప్పుకోను. మా అన్నగారి ఆధార్‌ ఫొటో కళ్లజోడుతోనే ఉంది, ఆయన తీసివేసినప్పుడు సరిపోలలేదు, పెట్టుకున్నాక సరిపోయింది.

కావలి సేవాకేంద్రం: మీరు చూసింది కాదనను, మాస్టారూ. మందపాటి నల్ల ఫ్రేము కనుబొమలను కప్పేలా ఉంటే రెండు ఫొటోల్లోనూ అది ఉండటం మేలు కావచ్చు. నేను మాత్రం మొదట తీయించి చూస్తాను, అప్పుడు మెరుపు అన్న సందేహం పోతుంది, కుదరకపోతే తల కొద్దిగా వంచి, అద్దంలో వెలుగు గీత లేకుండా చూసి, పెట్టించి ప్రయత్నిస్తాను. రెండింటిలో ఏది ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పడం నాకు సాధ్యం కాలేదు.

కందుకూరు రైతు: నా కేసుతో కలిపేశాను, మన్నించండి. మరి మా అమ్మకు వేలిముద్రలు అరిగిపోయాయి, ఆమెకు ముఖమే దారి. గడ్డం కింద కొంగు కప్పుకుంటుంది, తీయాలా?

కావలి సేవాకేంద్రం: కొంగు తల మీద ఉన్నా ఫర్వాలేదు, నుదురు, చెంపలు, గడ్డం కనిపిస్తే చాలు. గడ్డం కప్పితే తీయించండి.

బిట్రగుంట అమ్మాయి: ఈ ఉదయం గడప దగ్గర కూర్చోబెట్టి చేశాం. కళ్లజోడు తీశాం, నేనే ఫోన్‌ పట్టుకుని చెప్పాను, మూడోసారికి తీసుకుంది, పోలిక కూడా కుదిరింది. ప్రమాణ్‌ ఐడీ మెసేజ్‌ వచ్చింది. తమ్ముడు మాత్రం వచ్చే ఏడాదికి ఫొటో మార్పించే తీరాలంటున్నాడు.

ఒంగోలు మాస్టారు: తమ్ముడు చెప్పేదే నేనూ చెబుతాను. ఈసారి కుదిరింది, 75 ఏళ్ల ముఖంతో కుదురుతుందన్న నమ్మకం ఏమిటి?

కావలి సేవాకేంద్రం: నవంబరు కాని నెలలో, కేంద్రంలో రద్దీ లేనప్పుడు మార్పించుకుంటే నాకూ అభ్యంతరం లేదు. అమ్మా, ఒక్కటి చూసుకోండి. మెసేజ్‌ వచ్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు, పెన్షన్‌ ఇచ్చే కార్యాలయం దాన్ని అంగీకరించాలి. పెన్షన్‌ మంజూరు పత్రం మీది పీపీవో నంబరులోనో ఖాతా నంబరులోనో ఒక అంకె తప్పు పడితే తిరస్కరిస్తారు. రెండు మూడు రోజులాగి జీవన్‌ ప్రమాణ్‌ సైటులో ఆ ఐడీతో స్థితి చూడండి.