27 అంగుళాల మానిటర్‌లో మసక అక్షరాలు: 1920 పెట్టాలా, 2560 వదలకూడదా?

తిలక్‌రోడ్ డీటీపీ: మ్యాక్ మినీకి 27 అంగుళాల 2560 x 1440 మానిటర్ తగిలించాను. అక్షరాలు చిన్నగా ఉన్నాయని 1920 x 1080 పెడితే పెద్దవయ్యాయి గానీ మసకబారాయి, తెలుగు ఒత్తులు అలుక్కుపోతున్నాయి. ఏది పెట్టాలి?

చిత్తూరు మామిడి: 2560 లోనే ఉంచబ్బా. మానిటర్‌లో ఉన్న చుక్కలు అన్నే. చిన్నగా ఉంటే బ్రౌజర్‌లో కమాండ్, ప్లస్ నొక్కు, ఎడిటర్‌లో ఫాంట్ పెంచు. అంతే.

చంద్రగిరి: ఇదే మానిటర్ మా ఆఫీసు విండోస్‌లో బ్రహ్మాండంగా ఉంది. ఇంట్లో మ్యాక్‌కి పెడితే చెత్త. షాపువాడు పాత పీసు అంటగట్టాడని వెళ్లి గొడవపడితే వెనక్కి తీసుకోలేదు.

కపిలతీర్థం: చంద్రగిరి సామీ, పీసు తప్పు కాదు. ఒక్కో చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల్ని విడిగా వాడి అక్షరాల అంచులు నునుపు చేసే పద్ధతిని మ్యాక్ 2018లో మొజావే వెర్షన్‌తో తీసేసింది. విండోస్‌లో అది ఇంకా ఉంది.

డీటీపీ అన్నా, 1920లు రెండున్నాయి. నువ్వు పెట్టింది మామూలుది అనుకుంటా. కమాండ్, షిఫ్ట్, 3 నొక్కి స్క్రీన్‌షాట్ తీసి దాని సైజు చూడు. 1920 x 1080 వస్తే మ్యాక్ తక్కువ చుక్కలతో గీసిన బొమ్మను మానిటర్ సాగదీస్తోంది, మసక అందుకే. HiDPI అయితే 3840 x 2160 వస్తుంది, అంటే రెట్టింపు చుక్కలతో గీసి 2560కి కుదిస్తుంది. ఈ మానిటర్‌కి మ్యాక్ దాన్ని మామూలుగా చూపించదు. BetterDisplay అనే యాప్ వేసి, అందులో ఈ మానిటర్‌కి HiDPI తెరిచి ఎంచుకో.

చిత్తూరు మామిడి: మూడు చుక్కల్ని రెండింట్లో కుక్కితే పదును ఎక్కడుంటుంది? సన్నగీత రెండు చుక్కల మీద పడి బూడిదరంగు అవుతుంది.

రేణిగుంట: HiDPI అంటే ఎప్పుడూ పదునే కదా?

కపిలతీర్థం: కాదు. ఈ మానిటర్‌లో లెక్క సరిగ్గా కుదిరేది 1280 x 720 HiDPI ఒక్కటే, అందులో రెండు కిటికీలు పక్కపక్కన పట్టవు. 1920లో కొంచెం మెత్తదనం ఉంటుంది, నేనెప్పుడు లేదన్నాను?

చిత్తూరు మామిడి: మెత్తదనం ఉంటుందని తెలిసీ ఎందుకు చెప్పడం? పొద్దస్తమానం కోడ్ చూసేవాణ్ణి, నాకు అంచు కత్తిలా ఉండాలి.

కపిలతీర్థం: నీ కళ్లకి బాగుంటుంది సామీ, నాకు చత్వారం. 2560లో ఫాంట్ పెంచితే పేజీలో అక్షరాలు పెరుగుతాయి గానీ ఇన్‌డిజైన్ ప్యానెళ్లు, మెనూలు అంతే చిన్నగా ఉంటాయి. ముక్కు ఆనించి చూడమంటావా?

చిత్తూరు మామిడి: అట్లయితే 4కె కొనుక్కోమను.

తిలక్‌రోడ్ డీటీపీ: కొనే మాట వద్దులే అన్నా. స్క్రీన్‌షాట్ 1920 x 1080యే వచ్చింది. BetterDisplayలో HiDPI 1920 పెట్టాను, ఒత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయి. కానీ ఎదురెదురు పేజీలు రెండూ ఒకేసారి చూడాలంటే చోటు చాలడంలేదు. ఆ పనికి 2560కి మారుస్తున్నాను.

చిత్తూరు మామిడి: చూశావా!

కపిలతీర్థం: ఏం చూడాల? మిగతా పనంతా దేంట్లో చేస్తున్నాడో అడుగు.