జపనీస్ మెసేజీల్లో వాక్యం చివర: ఆడ, మగ తేడా ఇంకా ఉందా?

కొత్తపాఠం
హైదరాబాదులో జపనీస్ నేర్చుకుంటున్నాను. వాక్యం చివర ‘వ’, ‘కషిర’ వస్తే రాసింది ఆడమనిషి, ‘జొ’, ‘జె’ వస్తే మగమనిషి అని మా పుస్తకంలో ఉంది. కానీ మా ఆఫీసు వాళ్ల లైన్ యాప్ గ్రూపులో ఒసాకాకు చెందిన సహోద్యోగి, మగాయనే, ఇక పడుకుంటానని చెప్పడానికి ‘మో నెరు వ’ అని రాశాడు. టోక్యో అమ్మాయిలేమో ‘కషిర’ జోలికే పోవడం లేదు. పుస్తకం తప్పా, లేక మనుషులు మారారా?

తూర్పుగాలి
ఆ పుస్తకం అటక మీద పెట్టండి. ఆడ భాష, మగ భాష అన్నవి ఇప్పుడు యానిమేలోనూ విదేశీ సినిమాల డబ్బింగులోనూ తప్ప ఎక్కడా లేవు. నేను నాగోయాలో ఉంటాను. మా మేనేజరు నడివయసు మగాయన. కుదరదు అనాలంటే ‘మురి ద వ’ అనే రాస్తాడు. మనకు ‘రా’, ‘వే’ ఉన్నట్టు వాళ్లకూ ఉండేవి, పోయాయి. అంతే.

పాతకాగితం
సగం నిజం, తూర్పుగాలి గారూ. ముందు ఆ పోలిక కుదరదు. ‘రారా’, ‘రావే’ అన్నప్పుడు తెలిసేది ఎదుటి మనిషి ఎవరన్నది. జపనీస్ చివరి మాటలు పలికేవాడు తనను ఎలా కనబరచుకోవాలనుకుంటున్నాడో చెబుతాయి. ఇక మీ మేనేజరు ‘ద వ’ నాగోయా యాస. అక్కడ మగవాళ్లూ ఎప్పటినుంచో అంటారు. దానితో టోక్యో సంగతి తేల్చలేం.

కొత్తపాఠం గారి ‘వ’ విషయానికి వస్తే, మాటల్లో రెండు ‘వ’లు ఉన్నాయి. గొంతు పైకి లేపి పలికేది పాత టోక్యో ఆడవాళ్లది. కిందికి దించి పలికేది ఒసాకా ఉండే కన్సాయ్‌లో అందరిదీ. టోక్యో కుర్రవాళ్లూ ఇప్పుడు వాడుతున్నారు. మెసేజీలో గొంతు వినబడదు కాబట్టి ‘మో నెరు వ’ ఒక్కటే చూసి ఎవరు రాశారో చెప్పలేం. దాని వెనకే ఇంకో అక్షరం ఉందేమో చూడండి. ‘నెరు వ యొ’ అని ఉంటే అది ఆ పాత ఆడ ధోరణే. ఒసాకా మగవాడు ‘వ’ దగ్గర ఆగుతాడు, ‘యొ’ తగిలించడు.

యోకొహామా అమ్మ
మా అమ్మాయి ఇక్కడి బడిలో ఆరో తరగతి. వెళ్తున్నానని స్నేహితురాళ్లకు ‘ఇకు జె’ అని పెడుతుంది! మగపిల్లల భాష ఎందుకని అడిగితే నవ్వుతుంది. ‘నేను’ అనడానికి మగవాళ్లు ‘ఒరె’, ఆడవాళ్లు ‘వతషి’ అనాలి కదా, మీరు దాని గురించే అడుగుతున్నారా?

పాతకాగితం
‘ఒరె’, ‘వతషి’ సర్వనామాలండీ, ఆ లెక్క వేరు. మీ అమ్మాయి ‘జె’ మాత్రం చర్చలోదే. అది కావాలని వేసుకున్న వేషం. ఆ మాటకొస్తే పెద్ద మగవాళ్లు కూడా ‘జె’ని మామూలుగా రాయరు, హాస్యానికే రాస్తారు.

తూర్పుగాలి
మీరే ఒప్పుకుంటున్నారు! అన్నీ వేషాలే అయితే తేడా ఇంకెక్కడ మిగిలింది?

పాతకాగితం
‘ద’ దగ్గర మిగిలింది. వాన అని చెప్పడానికి ‘అమె ద యొ’ ఎవరైనా రాయవచ్చు, ఈ కాలం అమ్మాయిలూ అలాగే రాస్తారు. ‘ద’ తీసేసి ‘అమె యొ’ అంటే వెంటనే పాత తరం ఆవిడ మాటలా వినిపిస్తుంది. ‘ద’ లేకపోయినా అర్థం చెడదు కాబట్టి మన విద్యార్థులు దాన్ని తేలిగ్గా వదిలేస్తారు, ముఖ్యంగా మగపిల్లలు. అయితే ఈ పరీక్ష నామవాచకాలకు, అందమైన అనే అర్థమున్న ‘కిరెఇ’ లాంటి మాటలకు మాత్రమే పనికొస్తుంది. చలిగా ఉందని చెప్పే ‘సముఇ యొ’లో మొదటినుంచీ ‘ద’ ఉండదు, అది ఎవరు రాసినా మామూలే.

పాత ఆడ భాషంటే ఏదో సనాతన మర్యాద అనుకునేవాళ్లకు ఒక మాట. మేజీ కాలంలో బడి అమ్మాయిలు ‘తెయొ’, ‘దవ’ అని ముగిస్తుంటే, వినడానికి అసహ్యంగా ఉందని రచయిత ఒజకి కోయో 1888లో విసుక్కున్నాడు. అప్పటి చవకబారు మాటే తర్వాత గొప్పింటి ఆడవాళ్ల గుర్తయింది.

యోకొహామా అమ్మ
మా ఇంటి యజమానురాలికి డెబ్భై దాటాయి. లైన్‌లో నాకు ‘సో న నొ యొ’, ‘ఇఇ వ నె’ అని పెడతారు. చదవడానికి ముద్దుగా ఉంటుంది. పోయాయని ఎలా అంటారు?

తూర్పుగాలి
సరే, డెబ్భై దాటినవాళ్లకు మినహాయింపు ఇస్తాను. అప్పుడు అది ఆడ, మగ తేడా కాదు, వయసు తేడా.

పాతకాగితం
ఆ మాట మగవాళ్ల వైపు ఇంకా బాగా కనిపిస్తుంది. నడివయసు మగవాళ్లు చిన్న వయసు అమ్మాయిలకు రాసేటప్పుడు గట్టిగా ‘జొ’ అనరు. చివరి ‘కన’, ‘నె’, ‘యొ’లను కటకానా లిపిలోకి మార్చి, ఎమోజీలు గుప్పించి మెత్తబడాలని చూస్తారు. దీన్ని ‘ఒజిసన్ కోబున్’, అంటే నడివయసు మామయ్యల రాత అని కుర్రకారు వెక్కిరిస్తారు. అక్కడ వాడిన మాటలు అందరివే. రాతతీరే మనిషిని పట్టిస్తుంది. చివర పూర్ణవిరామం పెడితే కోపంగా ఉన్నారేమోనని భయపడే పిల్లల గురించి 2024లో పెద్ద చర్చే జరిగింది. అందులో ఆడ, మగ ప్రసక్తే లేదు.

కొత్తపాఠం
నేను ‘ద’ వదలకుండా, ‘వ’ ముట్టకుండా రాస్తే సరిపోతుందన్నమాట. మరి ప్రశ్న కాకుండా వాక్యం చివర వచ్చే ‘నొ’? ‘క్యో ఇకెనై నొ’ అని ఈరోజు రాలేనని మగవాడు రాయవచ్చా?

పాతకాగితం
నేనైతే ‘ఇకెనై న్ ద’ అని రాస్తాను. ప్రశ్నలో ‘నొ’ అందరిదీ.

తూర్పుగాలి
మా ఆఫీసు కుర్రాడు అలాగే రాస్తాడు, ఎవరూ నవ్వలేదు.

పాతకాగితం
ఎవరికి రాస్తాడు? ప్రియురాలికా, మేనేజరుకా? అది చెప్పండి, మాట్లాడదాం.